సీసా మూతలతో సరి–బేసి చార్ట్: ఏడు వారాల పని

మా చెల్లెలు ఊళ్లో ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి చెబుతుంది. ఆదివారాలు కూర్చుని ఆమె క్లాసుకు చార్టులు చేయడం నాకు నాలుగేళ్లుగా అలవాటు. ఈసారి సరి, బేసి సంఖ్యల చార్ట్ కావాలంది. ఒక పూట పని అనుకున్నాను. ఏడు వారాలు పట్టింది. ఆరేళ్ల పిల్లలకు ఇలాంటిదే చేయాలనుకునేవాళ్లకు పనికొస్తుందని, ఏ వారం ఏం చేశానో రాసి పెట్టుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

మొదటి వారం

చార్ట్ పేపర్ మధ్యలో నిలువు గీత గీసి, ఒక వైపు ఆకుపచ్చ రంగులో 2, 4, 6, 8, 10, రెండో వైపు ఎరుపులో 1, 3, 5, 7, 9 రాశాను. పైన జంట మామిడికాయల బొమ్మ, ఒంటి మామిడికాయ బొమ్మ వేశాను. చూడ్డానికి బాగుంది. గోడకు పెట్టిన మూడో రోజుకే పిల్లలందరికీ నోటికి వచ్చేసింది. నాలుగో రోజు చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, బోర్డు మీద సుద్దముక్కతో 7 రాసి సరా, బేసా అని అడిగితే, ఒక పాప లేచి 'టీచర్, అది ఏ రంగు?' అంది" అని.

పిల్లలు నేర్చుకున్నది ఎరుపు, ఆకుపచ్చ. 12 అడిగితే చార్టులో లేదు కాబట్టి ఎవరూ నోరు విప్పలేదట. ఆ చార్ట్ దించేయమన్నాను. అప్పటి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: చార్ట్ మీద జవాబు ఉండకూడదు. పిల్లలు తమ చేతులతో జతలు పెట్టుకుని జవాబు తేల్చుకునే చోటు మాత్రమే ఉండాలి.

రెండో వారం

చిన్నప్పుడు మేము గుప్పిట్లో చింతపిక్కలు పట్టుకుని "సరా, బేసా?" అని అడిగే ఆట ఆడేవాళ్లం. గుప్పిట విప్పాక ఎవరూ పూర్తిగా లెక్కపెట్టేవాళ్లు కాదు. రెండేసి చొప్పున పక్కకు జరుపుకుంటూ పోయేవాళ్లం. చివర ఒకటి మిగిలితే బేసి, ఏమీ మిగలకపోతే సరి. ఎన్ని పిక్కలున్నాయో తెలియకుండానే సరో బేసో తేలిపోయేది. ఆరేళ్ల పిల్లలకు అంకెలకన్నా ముందు ఈ పనే రావాలి.

అందుకని ఒక వారం చార్ట్ ఊసే ఎత్తకుండా చింతపిక్కలతోనే ఆడించమన్నాను. రెండు ఇబ్బందులు వచ్చాయి. పిక్కలు దొర్లి, పక్క జతలో కలిసిపోతున్నాయి. జత ఎక్కడ అయిపోయిందో కనిపించడం లేదు. రెండోది అసలైన టెన్షన్: ఒక బాబు పిక్కను ముక్కులో పెట్టుకోబోయాడు. ఆ రోజే పిక్కలు ఆపేసి, నీళ్ల సీసాల మూతలు పోగు చేయడం మొదలుపెట్టాం. మూత అడ్డం దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది. చిన్న చేతికి పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, దొర్లిపోదు.

మూడో వారం

ఈసారి చార్ట్ పేపర్‌ను అట్టపెట్టె నుంచి కోసిన అట్ట మీద అతికించాను. దాని మీద పక్కపక్కన రెండు గళ్లు, అలాంటి వరుసలు పది గీశాను. మొత్తం 20 గళ్లు. ఒక్కో గడి 4 సెంటీమీటర్లు. ఒక జతలోని రెండు గళ్లు ఆనుకుని ఉండేలా, వరుసకీ వరుసకీ మధ్య 1 సెంటీమీటరు ఖాళీ ఉండేలా గీశాను. ముందు అన్ని వైపులా ఒకే ఎడం పెట్టి గీస్తే మూతలన్నీ ఒక గుంపులా కనిపించాయి, జతలుగా కనిపించలేదు. ఆ ఒక్క సెంటీమీటరు చాలా తేడా తెచ్చింది.

మూతలు నిలబడటానికి వెనక జిగురున్న వెల్క్రో ముక్కలు వాడాను. గరుకు వైపు మూతకు, మెత్తటి వైపు చార్టుకు. అన్ని మూతలకూ ఒకే వైపు అంటించాలి, లేకపోతే సంచిలో ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా వస్తాయి. నేను చేసిన తప్పు వేరే ఉంది. వెల్క్రోను నేరుగా పేపర్ మీద అంటించాను. పిల్లలకు మూత లాగినప్పుడు వచ్చే చప్పుడు ఎంత ఇష్టమంటే, లాగడం పెట్టడం, లాగడం పెట్టడం. రెండు రోజుల్లో వెల్క్రోతో పాటు పేపర్ పై పొర కూడా లేచి వచ్చేసింది. మళ్లీ మొత్తం గీశాను. ఈసారి ముందు చార్ట్ అంతటికీ వెడల్పాటి పారదర్శక టేపు బుడగల్లేకుండా అంటించి, దాని మీద వెల్క్రో పెట్టాను. ఇప్పటికీ ఊడలేదు.

వేలాడదీసే ఎత్తు కూడా చూసుకోవాలి. చార్ట్ అంటే బోర్డు పక్కన పైన పెట్టడం అలవాటు. అక్కడ పిల్లల చెయ్యి అందదు. చార్ట్ కింది అంచు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా మేకులు దించాం. పై వరుస కూడా అందుతోంది.

నాలుగో వారం

7 మూతలు ఇచ్చి పెట్టమంటే, ఒక బాబు ఎడమ వైపు నిలువుగా ఏడూ పెట్టేశాడు. కుడి వైపంతా ఖాళీ. "అన్నీ ఒంటివే టీచర్" అన్నాడు. వాడు చెప్పింది వాడి కళ్లకు నిజమే. గళ్లు గీసినంత మాత్రాన జత పెట్టాలని తెలియదు.

చెల్లెలే దీనికి ఉపాయం చెప్పింది. సంచిలోంచి రెండు చేతులతో చెరొక మూత తీసుకోవాలి, రెండూ ఒకేసారి పెట్టాలి. కింది వరుస నుంచి పైకి రావాలి. ఒక చేతికి మూత దొరక్కపోతే ఆ చెయ్యి పైకెత్తి "బేసి!" అనాలి. రెండు చేతులూ ఖాళీ అయితే "సరి!" ఒక్క పూటలో అందరికీ పట్టుబడింది. కింద నుంచి పెట్టడం వల్ల బేసి అయినప్పుడు పైన ఒక మెట్టు కనిపిస్తుంది, సరి అయినప్పుడు పైభాగం సమంగా ఉంటుంది. దూరం నుంచి చూసే పిల్లలు కూడా ఆకారం చూసి చెప్పేస్తున్నారు.

ఒక పాప మూతలన్నీ తీసేసి, "ఇప్పుడు?" అని అడిగిందట. చెల్లెలు తను చెప్పకుండా ఆ పాపనే చూడమంది. "ఒంటిది లేదు... సరి" అంది. సున్నా సరి సంఖ్య అని చెప్పడానికి పెద్దవాళ్లు కూడా తడబడతారు.

ఐదో వారం

ఈ వారం వచ్చిన తప్పు గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇది తెలివైన తప్పు. 6 మూతలు పెట్టాక చెల్లెలు "ఎన్ని జతలు?" అని అడిగింది. "మూడు" అన్నారు. "అయితే 6 సరా, బేసా?" అంటే సగం మంది "బేసి" అన్నారు. మూడు బేసి కదా, కాబట్టి ఆరు కూడా బేసి అని వాళ్ల లెక్క. జతలెన్ని అనే ప్రశ్న, ఒంటిది మిగిలిందా అనే ప్రశ్న వాళ్లకు కలిసిపోయాయి. 10 దగ్గర కూడా ఇదే జరుగుతుంది, దానికి ఐదు జతలు కాబట్టి. 4, 8 దగ్గర మాత్రం జవాబు ఎలాగూ సరిపోతుంది, అందుకే ముందు మాకు తెలియలేదు. పిల్లలకు నిజంగా అర్థమైందో లేదో చూడాలంటే 6, 10, 14 అడగాలి.

ఆ రోజు నుంచి ఈ ఆటలో "ఎన్ని జతలు?" అని అడగడం మానేశాం. "ఒంటిగా ఏదైనా మిగిలిందా?" అన్నదొక్కటే ప్రశ్న. జతలు లెక్కపెట్టే ఆట వేరే రోజుకు పెట్టుకున్నాం.

ఐదో వరుస పైన ఒక లావు గీత కూడా గీశాను. కింద ఐదు వరుసలు నిండితే 10. 13 పెట్టినప్పుడు గీత కింద అన్నీ జతలే, పైన మూడే ఉన్నాయి. కొన్ని రోజులకు పిల్లలు గీత కింద చూడటం మానేసి, పైన ఉన్నవే చూస్తున్నారు. ఒకట్ల స్థానం చూస్తే చాలన్న సూత్రం మేము చెప్పలేదు.

మిగిలిన అట్టతో 1 నుంచి 10 వరకు ఆకారాలు కోశాను. చార్ట్ మీద మూతలు ఎలా నిలబడతాయో అలాగే, 2 సెంటీమీటర్ల గళ్లతో. 3 అంటే కింద రెండు గళ్లు, పైన ఎడమ వైపు ఒకటి. 5 అంటే రెండు, రెండు, పైన ఒకటి. 5 ముక్కను తలకిందులుగా తిప్పి 3 మీద పెడితే దాని మెట్టు దీని ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది, 8 అవుతుంది. రెండు బేసిలు కలిస్తే సరి అని చేతికే తెలుస్తుంది. అన్ని ముక్కలూ ఒకే రంగు అట్టవి. మొదటి వారం పాఠం మర్చిపోలేదు.

ఆరో వారం

ఇప్పుడు క్లాసులో అందరికీ అన్నిటికన్నా ఇష్టమైనది హాజరు ఆట. పేర్లు 17 ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక మూత. పేరు రాసిన గుండ్రటి కాగితం మూత లోపలి గుంటలో అంటించాను, అక్కడైతే వేళ్లకు రాసుకుని చెరగదు. పొద్దున రాగానే ఎవరి మూత వాళ్లు పెట్టాలి. అందరూ వచ్చాక ఈ రోజు సరా, బేసా చెప్పాలి.

దీనికి ముందు పిల్లలే చేతులు పట్టుకుని జతలుగా నిలబడే ఆట పెట్టాం. మిగిలిపోయిన పాప ఏడ్చింది. ఒంటిగా మిగలడం ఆరేళ్ల పిల్లకు లెక్క కాదు, బాధ. మరుసటి రోజు మిగిలినవాళ్లకు "లెక్కల పెద్ద" అని పేరు పెట్టి జతలు లెక్కపెట్టే పని ఇచ్చాం. అప్పుడు ఎవరూ జత కట్టడానికి ఒప్పుకోలేదు, అందరికీ పెద్దరికమే కావాలి! మూతలతో ఈ గొడవ లేదు. మిగిలేది మూతే.

ఏడో వారం

అంచులకు బట్ట టేపు వేశాను. మూతల సంచి చార్ట్ కింద వేలాడదీశాను. మూడు మూతలు ఇప్పటికే పోయాయి, అందుకే పది అదనంగా చేసి ఇచ్చాను.

శుక్రవారం నేనూ బడికి వెళ్లాను. 15 మంది వచ్చారు. ఏడు జతలు నిండి, పైన ఒక పాప మూత మిగిలింది. "బేసి" అన్నారందరూ. హాజరు రాసేశాక ఒక బాబు తడిసిన బ్యాగుతో ఆలస్యంగా వచ్చాడు. నేరుగా చార్ట్ దగ్గరికి వెళ్లి, సంచిలో వెతుక్కుని తన మూత ఆ ఖాళీలో పెట్టాడు. ఆ పాప బెంచీ దగ్గర నుంచే అరిచింది: "టీచర్, నాకు జత వచ్చింది! సరి అయిపోయింది, రిజిస్టర్‌లో మార్చండి."