లెఫ్ట్ వెంట్రికిల్‌కి రక్తం డయాస్టోల్‌లోనే ఎందుకు? నీట్ పీజీకి ఈ టాపిక్ ఇలా చదవండి

కరోనరీ సర్క్యులేషన్‌ని చాలామంది "ఎడమ వైపు డయాస్టోల్, కుడి వైపు రెండూ" అని ఒక లైన్‌గా బట్టీ పడతారు. గ్రాఫ్ ఇచ్చినా, కేస్ ఇచ్చినా ఆ లైన్ చాలదు. అక్కరకొచ్చేవి రెండు లెక్కలు: ప్రెషర్ తేడా ఎంత, ఆ తేడా ఎంతసేపు ఉంటుంది.

ముందు ప్రెషర్. సిస్టోల్‌లో అయోర్టాలో 120 ఉంటే లెఫ్ట్ వెంట్రికిల్ లోపల కూడా అంతే, ఒకట్రెండు ఎక్కువే. గోడ లోపలి పొరలో, అంటే సబ్‌ఎండోకార్డియంలో, ఉన్న సన్నటి నాళాల మీద ఆ ఒత్తిడంతా పడుతుంది. బయటి నుంచి తోసే బలమూ లోపలి నుంచి నొక్కే బలమూ సమానమైతే అక్కడ రక్తం కదలదు. ఐసోవాల్యూమెట్రిక్ కాంట్రాక్షన్ మొదట్లో లెఫ్ట్ కరోనరీ ఫ్లో ఒక్కసారిగా పడిపోవడం, కాసేపు వెనక్కి కూడా పోవడం గ్రాఫ్‌లో కనిపించేది ఇందుకే. కండరం వదులైన వెంటనే, డయాస్టోల్ తొలి భాగంలో, ఫ్లో గరిష్ఠానికి చేరుతుంది. రైట్ వెంట్రికిల్‌లో సిస్టోలిక్ ప్రెషర్ 25 దగ్గరే కాబట్టి అక్కడ రెండు దశల్లోనూ రక్తం నడుస్తుంది.

ఇక్కడ ఒక తప్పు ఆప్షన్ తరచూ లాగేస్తుంది: "అయోర్టిక్ వాల్వ్ రెక్కలు కరోనరీ ద్వారాలను మూసేస్తాయి" అని. అవి మూసుకోవు. రెక్కలకూ గోడకూ మధ్య సైనస్‌లో తిరిగే సుడి వాటిని ద్వారాలకు ఎడంగా ఉంచుతుంది. అసలు కారణం కండరం నొక్కడమే.

కాబట్టి పర్ఫ్యూజన్ ప్రెషర్ కట్టేటప్పుడు అయోర్టా డయాస్టోలిక్ ప్రెషర్‌లోంచి లెఫ్ట్ వెంట్రికిల్ ఎండ్ డయాస్టోలిక్ ప్రెషర్ తీసేయండి. మామూలు మనిషిలో 80 లోంచి 8 పోతే 72.

ఇక సమయం. రేట్ 75 ఉంటే ఒక సైకిల్ 0.80 సెకన్లు. అందులో సిస్టోల్ సుమారు 0.27, డయాస్టోల్ 0.53. రేట్ 200 అయితే సైకిల్ 0.30కి తగ్గుతుంది, సిస్టోల్ 0.16, డయాస్టోల్ 0.14. సిస్టోల్ కూడా కుదించుకుంది, కానీ ఎక్కువ కోత పడింది డయాస్టోల్‌కి. వీటిని రేట్‌తో గుణించి చూడండి. నిమిషంలో మొత్తం డయాస్టోల్ 40 సెకన్ల నుంచి 28కి దిగింది, కండరం నొక్కుకుని ఉండే సమయం 20 నుంచి 32కి పెరిగింది. ఈ గుణకారం ఒక్కసారి చేతితో చేస్తే మళ్లీ మర్చిపోరు.

అదే సమయంలో గుండెకు ఆక్సిజన్ అవసరం పెరుగుతోంది. విశ్రాంతిలోనే గుండె తన రక్తంలోంచి 70 శాతం దాకా ఆక్సిజన్ లాగేసుకుంటుంది, ఇంకా లాగడానికి పెద్దగా మిగలదు. ఉన్న దారి ఒక్కటే, నాళాలు వెడల్పయి ఫ్లో పెంచడం. ఆరోగ్యవంతుడు పరిగెత్తినా నొప్పి రాకపోవడానికి ఈ రిజర్వే కారణం. కరోనరీ సన్నబడినవారిలో కింది నాళాలు విశ్రాంతిలోనే వెడల్పయి ఉంటాయి కనుక రిజర్వ్ ముందే ఖర్చయిపోతుంది.

ఇప్పుడు ఒక కేస్. 72 ఏళ్లావిడ, సివియర్ అయోర్టిక్ స్టెనోసిస్, కొత్తగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్, రేట్ 150, బీపీ 104/60, ఛాతీ నొప్పి. గట్టిపడిన వెంట్రికిల్ కాబట్టి ఎండ్ డయాస్టోలిక్ ప్రెషర్ 28 అనుకోండి. 60 లోంచి 28 పోతే 32, మామూలులో సగం కూడా లేదు. పైగా మందమైన గోడ, వెంట్రికిల్ లోపల అధిక సిస్టోలిక్ ప్రెషర్, తగ్గిన డయాస్టోల్. ఈసీజీలో చాలా లీడ్లలో ఎస్‌టీ డిప్రెషన్, ఏవీఆర్‌లో ఎలివేషన్ కనిపిస్తే అది సబ్‌ఎండోకార్డియం అంతా రక్తం చాలక ఇబ్బంది పడుతోందని చెప్పే గుర్తు. కరోనరీలో బ్లాక్ లేకుండానే ట్రోపోనిన్ పెరగొచ్చు.

ఆప్షన్లలో నైట్రోగ్లిజరిన్ ఉంటే జాగ్రత్త. నొప్పి అనగానే చేయి అటే పోతుంది. ఫిక్స్‌డ్ స్టెనోసిస్ వెనుక ప్రీలోడ్ తగ్గితే అవుట్‌పుట్ పడుతుంది, అయోర్టా డయాస్టోలిక్ కూడా పడుతుంది, ఆ 32 ఇంకా తగ్గుతుంది. ఇక్కడ ముందు సరిచేయాల్సింది రేట్, రిథమ్. షాక్‌లోకి జారుతున్నా, నొప్పి ఆగకున్నా సింక్రనైజ్డ్ కార్డియోవర్షన్. ఇలాంటి రోగికి అనస్థీషియాలో బీపీ పడితే ఎఫెడ్రిన్ కన్నా ఫినైలెఫ్రిన్‌ని ఇష్టపడేదీ ఇందుకే: అది రేట్ పెంచకుండా డయాస్టోలిక్‌ని పెంచుతుంది.

ఇదే సూత్రాన్ని అయోర్టిక్ రీగర్జిటేషన్‌కి గుడ్డిగా అంటించకండి. అక్కడ డయాస్టోల్ ఎంత పొడవైతే అంత రక్తం వెనక్కి కారుతుంది, అయోర్టా డయాస్టోలిక్ అంత పడుతుంది, వెంట్రికిల్ లోపలి ప్రెషర్ అంత పెరుగుతుంది. అందుకే సివియర్ రీగర్జిటేషన్‌లో రేట్ బాగా తగ్గించడమే ప్రమాదం. డయాస్టోల్‌లో ఉబ్బి కరోనరీ ఫ్లో పెంచే ఇంట్రా అయోర్టిక్ బెలూన్ కూడా వారికి పనికిరాదు, ఎందుకంటే ఆ తోపుకి రక్తం కారే వాల్వ్ గుండా వెంట్రికిల్‌లోకే వెళ్తుంది.