వాన కథ: ఒకే పాఠం, మూడు కాగితాలు

నేను ఐదో తరగతికి చెప్తాను. ఒకే గదిలో గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లలున్నారు, పేరా చదివి అర్థం చెప్పగలిగేవాళ్లున్నారు, పుస్తకం ఇస్తే చివరిదాకా చదివేసి ఇంకేముంది టీచర్ అని అడిగేవాళ్లూ ఉన్నారు. జలచక్రం అందరికీ ఒకేరోజు చెప్పాలి, చదవడం కూడా అందరూ చేయాలి, అందుకే అదే విషయాన్ని మూడు రకాలుగా రాశాను.

ముందు పేరా రాయలేదు, ప్రశ్న రాసుకున్నాను. స్టీలు గ్లాసులో ఐసు వేసి బల్ల మీద పెడితే కాసేపటికి గ్లాసు బయట నీళ్లు పడతాయి కదా, అవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఏ కాగితం చదివినా దీనికి జవాబు దొరకాలి. అలా దొరకాలంటే మూడింటిలోనూ తప్పకుండా ఉండాల్సినవి నాలుగు: నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది, ఆ ఆవిరి కంటికి కనపడదు, చల్లబడితే మళ్లీ నీటి చుక్కలవుతుంది, చుక్కలు కలిసి బరువెక్కితే వాన.

మధ్య కాగితం సులభంగానే వచ్చింది, పాఠ్యపుస్తకం స్థాయి అదే కాబట్టి. బాష్పీభవనం, సాంద్రీకరణం అనే మాటలు వాడి, ఒక్కోదాని పక్కనే అర్థం చెప్పే వాక్యం పెట్టాను. నీడలో ఆరేసిన బట్ట కూడా ఆరుతుందని ఒక వాక్యం కలిపాను, ఎందుకంటే నీళ్లు మరిగితేనే ఆవిరవుతాయని చాలామంది పిల్లలు అనుకుంటారు.

అసలు కష్టం మొదటి కాగితమే. తెలుగులో వాక్యం చిన్నది చేస్తే సరిపోదు, ఈ పిల్లలను ఆపేది వాక్యం పొడవు కాదు, సంయుక్తాక్షరాలు. చుక్క, మబ్బు లాంటి ద్విత్వాలు వాళ్లు లాక్కొచ్చేస్తారు, కానీ ష్ప, ద్ర దగ్గర ఆగిపోతారు. జలచక్రం అనే మాటలోనే క్ర ఉంది, అందుకే మూడు కాగితాలకూ 'వాన కథ' అనే పేరు పెట్టాను. పిల్లలు నోటితో నీళ్లు అనే అంటారు, కానీ చదవడానికి నీరు తేలిక. చివరికి ఇలా వచ్చింది:

"ఎండ కాసింది. చెరువు నీరు వేడి అయింది. కొంత నీరు ఆవిరి అయింది. ఆవిరి గాలిలో కలిసింది. అది కంటికి కనపడదు. ఆవిరి పైకి పోయింది. పైన గాలి చలిగా ఉంది. చలికి ఆవిరి తిరిగి నీరు అయింది. అవి చాలా చిన్న చుక్కలు. ఆ చుక్కలే మబ్బు. చుక్కలు కలిసి పెద్దవి అయ్యాయి. వాన పడింది."

ఇంకా కుదించి "నీరు ఆవిరి అయింది, ఆవిరి మబ్బు అయింది" అని రాయొచ్చు, చాలా చోట్ల అలాగే రాస్తారు కూడా, కానీ అది తప్పు. మబ్బు ఆవిరి కాదు, నీటి చుక్కలు. చలి అనే కారణం తీసేస్తే గ్లాసు ప్రశ్నకు ఆ పిల్లల దగ్గర జవాబే ఉండదు. మాటలు తగ్గించాలి గానీ కారణాన్ని తీసేయకూడదు, ఈ విషయంలో నేను అసలు రాజీపడను.

మూడో కాగితంలో పెద్ద మాటలు పేర్చడం కంటే కొత్త ఆలోచన ఇవ్వడం మేలనిపించింది. ఒక్క వాన చినుకు తయారవడానికి సుమారు 10 లక్షల మేఘ బిందువులు కలవాలని రాశాను. గాలిలోని సన్నటి ధూళి రేణువుల చుట్టూ ఆ బిందువులు ఏర్పడతాయని రాశాను. ఇంకో ముఖ్యమైన సంగతి, పుస్తకంలో బొమ్మ చూస్తే మన చెరువులో లేచిన ఆవిరే మన ఊళ్లో వానగా పడుతుందనిపిస్తుంది, నిజానికి జూన్‌లో మనకు పడే వానకు తేమ ఎక్కువగా సముద్రం మీద నుంచి నైరుతి రుతుపవనాలతో వస్తుంది. కింది కాగితాల్లో ఇది చెప్పకపోయినా ఫర్వాలేదు, కానీ దీనికి విరుద్ధంగా ఏమీ ఉండకూడదు, అందుకే మొదటి దాంట్లో ఆ వాన అదే చెరువులో పడిందని రాయలేదు.

క్లాసులో ఇచ్చే ముందు ఒక్కో గుంపు నుంచి ఒకరిని పిలిచి పైకి చదివించాను. పది మాటల్లో ఒకదాని కంటే ఎక్కువ చోట్ల ఆగితే ఆ కాగితం ఆ పిల్లకు బరువని లెక్క. తడబడకుండా చదివి కూడా "చలికి ఏమైంది?" అంటే చెప్పలేకపోతే చదవడం వచ్చింది గానీ అర్థం కాలేదని, అలాంటప్పుడు కాగితం మార్చను, బొమ్మ చూపించి మాట్లాడిస్తాను.

మూడింటికీ బొమ్మ ఒకటే, కాగితం సైజు ఒకటే, ఒకటి రెండు మూడు అని అంకెలు వేయలేదు, మూలన ఆకు, చేప, పిట్ట గీశాను. మొదటి దాంట్లో అక్షరాలు కాస్త పెద్దవి, అంతే.

గ్లాసు పెట్టి ప్రశ్న అడిగితే ముందు వచ్చిన జవాబు "లోపలి నీళ్లు కారాయి" అని, అదీ పిట్ట కాగితం గుంపు నుంచి. ఆకు కాగితం చదివిన పాప "గాలిలో ఆవిరి ఉంది కదా, చలికి నీరయింది" అంది. తేల్చడానికి నీళ్లలో రంగు కలిపి మళ్లీ ఐసు వేశాం, బయట పడ్డ చుక్కలకు రంగు లేదు.

ఆకు కాగితం బాగా చదివినవాళ్లకు తర్వాత చేప కాగితం ఇస్తున్నాను. విషయం ఇప్పటికే తెలుసు కాబట్టి అక్కడ వాళ్లు కుస్తీ పట్టాల్సింది బాష్పీభవనం, సాంద్రీకరణం అనే రెండు మాటలతోనే.