బ్యాంకులో పడ్డ ఒక్క మొత్తం వెనక

ఈరోజు పొద్దున బ్యాంకు స్టేట్‌మెంటులో 3,92,152.80 జమ అయినట్టు కనిపించింది. మా సరుకును అమ్మిపెట్టే ఆన్‌లైన్ ప్లాట్‌ఫారం వారం మొత్తానికి కలిపి పంపిన సొమ్ము అది. నరేషన్‌లో ఒక రిఫరెన్స్ నంబరు తప్ప మరే వివరమూ లేదు. ఎన్ని ఆర్డర్లకు వచ్చిందో, అందులో ఎంత కోత పడిందో బ్యాంకు చెప్పదు. చెప్పాల్సిన బాధ్యత కూడా దానికి లేదు. ఆ వివరమంతా అదే రిఫరెన్స్ నంబరుతో ప్లాట్‌ఫారం ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టులో ఉంటుంది. రోజులో ఎక్కువ భాగం ఆ రిపోర్టుతోనే గడిచింది కనుక, మనసులో తాజాగా ఉండగానే రాసి పెట్టుకుంటున్నాను.

ఈ ఖాతా చూసే అమ్మాయి రిపోర్టు తెరవకముందే తన అంచనా వేసుకుని ఉంచుతుంది. అది చాలా మంచి అలవాటు. ఎంత రావాలో ముందుగా తెలియకపోతే, వచ్చినదే సరైనదని నమ్మడం తప్ప దారి ఉండదు. మా పుస్తకాల ప్రకారం ఆ వారం అమ్మకాలు 4,82,600, రీఫండ్లు 21,400, అంటే నికరంగా 4,61,200. ఈ సరుకు మీద అమ్మకపు పన్ను సున్నా శాతం కాబట్టి ఆ లెక్క వేరుగా చూడనక్కరలేదు. ప్లాట్‌ఫారం తీసుకునేది 10 శాతం కమిషన్, 2 శాతం పేమెంట్ ఫీజు; ఆ రెండింటి మీద మళ్ళీ 10 శాతం పన్ను; ఇవి కాక, మా ఆదాయపు పన్ను కింద ప్రభుత్వానికి కట్టడానికి అమ్మకం మీద 1 శాతం ముందే పట్టుకుంటుంది. ఈ శాతాలన్నీ నికర అమ్మకానికి వేస్తే 3,95,709.60 రావాలి. వచ్చినది అంతకంటే 3,556.80 తక్కువ.

"మేడమ్, ఇంత చిన్న తేడాను ఇతర ఖర్చుల్లో వేసేద్దామా?" అని అడిగింది. వద్దన్నాను. తేడా చిన్నదా పెద్దదా అన్నది కాదు, అది దేనితో తయారైందో తెలియకుండా ఖర్చు అనే పేరు పెట్టడమే నాకు అభ్యంతరం. పైగా, తేలిన లెక్క చూశాక తెలిసిందేమిటంటే, ఆ మొత్తంలో నిజంగా ఖర్చు అయినది ఎనిమిదో వంతు కూడా లేదు.

మొదట చేయవలసిన పని ఒకటే: సెటిల్‌మెంట్ రిపోర్టులోని వరుసలన్నీ కూడితే బ్యాంకులో పడ్డ మొత్తం దశాంశాలతో సహా రావాలి. వచ్చింది. అంటే రిపోర్టు పూర్తిగానే దిగింది, వరుసలేవీ తప్పిపోలేదు, డబ్బు దారిలో ఎక్కడా తగ్గలేదు. ఇక తేడా ఉన్నది రిపోర్టుకీ మా అంచనాకీ మధ్యనే. ఈ మెట్టు దాటకుండా ఆర్డర్లలోకి దిగితే, అసంపూర్ణమైన ఫైలు పట్టుకుని పూట మొత్తం వృథా చేసుకునే ప్రమాదం ఉంటుంది.

ఆ తరువాత ఆర్డర్ ఐడీని పట్టుకుని రిపోర్టును మా ఆర్డర్ల జాబితాతో పోల్చాము. అందరూ చేసేది ఇదే, సాధారణంగా తేడాలో పెద్ద ముక్క తప్పించుకుపోయేదీ ఇక్కడే. ఎందుకంటే VLOOKUP ఆర్డర్ ఐడీ ఉన్న వరుసలనే కలుపుతుంది; ఏ ఆర్డరుకూ చెందని వరుసలు రిపోర్టులో ఉన్నా ఆ పోలికలోకి రానే రావు. అందుకని ఐడీ గడి ఖాళీగా ఉన్న వరుసలను వేరుగా కూడించాను. మా ఫైలులో D నిలువు వరుస ఆర్డర్ ఐడీ, F మొత్తం:

```
=SUMIFS(F:F,D:D,"=")
```

జవాబు −3,000 అని వచ్చింది. ఆ వరుసలు రెండే: పోయిన వారం ఆపి ఉంచిన రిజర్వ్ 15,000 విడుదల చేసినట్టు ఒకటి, ఈ వారానికి కొత్తగా 18,000 ఆపినట్టు ఇంకొకటి. ముందుముందు రాబోయే రీఫండ్లకు భరోసాగా ప్లాట్‌ఫారం కొంత సొమ్ము తన దగ్గరే ఉంచుకుంటుంది, ప్రతి సెటిల్‌మెంటులోనూ పాతది వదిలి కొత్తది పట్టుకుంటుంది. ఇది మనకు రావలసిన డబ్బే, ఖర్చు కాదు. ఇతర ఖర్చుల్లో వేసి ఉంటే ఈ వారం లాభం 3,000 తగ్గి, ఆ రిజర్వ్ వెనక్కి వచ్చిన వారం ఎక్కడిదో తెలియని ఆదాయంగా కనిపించేది.

మిగిలినది 556.80. ఇది రీఫండ్లలో ఉందని ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే అమ్మకాల వైపు ఫీజు సరిగ్గా 12 శాతంగా, 57,912గా ఉంది. మా అంచనాలో ఉన్న ఊహ ఏమిటంటే, రీఫండ్ అయినప్పుడు అమ్మకంతో పాటు దాని మీది కోతలన్నీ కూడా వెనక్కి వస్తాయని. అది నిజమో కాదో తెలుసుకోవడానికి మొత్తాలను చూస్తూ కూర్చోవడం కంటే ఒక్క ఆర్డరును మొదటి నుంచి చివరి దాకా చూడడం మేలు. రీఫండ్ అయిన ఒక ఆర్డరు తీశాము, ధర 2,150.

అది అమ్ముడైనది పోయిన నెలలో. అప్పటి సెటిల్‌మెంటులో కమిషన్ 215, పేమెంట్ ఫీజు 43, ఫీజు మీద పన్ను 25.80, ముందే పట్టుకున్న పన్ను 21.50 పోగా 1,844.70 మాకు అందింది. ఈ వారం ఆ సరుకు తిరిగి వచ్చి రీఫండ్ అయినప్పుడు 2,150 తీసుకున్నారు. కమిషన్ 215, దాని మీది పన్ను 21.50 వెనక్కి ఇచ్చారు. అంటే మా నుంచి పోయినది 1,913.50. వచ్చినదానికీ పోయినదానికీ మధ్య 68.80 తేడా మిగిలింది. అందులో 43 పేమెంట్ ఫీజు, 4.30 దాని మీది పన్ను, మిగిలిన 21.50 పోయిన నెల పట్టుకున్న ఆదాయపు పన్ను.

ఒప్పందం తీసి చూస్తే పేమెంట్ ఫీజు రీఫండ్ అయినా తిరిగి రాదని స్పష్టంగానే ఉంది. కొన్నవారి నుంచి డబ్బు వసూలు చేసే పని ఒకసారి జరిగిపోయింది, దాని ధర అది. కనుక ఈ వారం రీఫండ్లన్నింటి మీదా 2 శాతం, అంటే 428, మాకు నిజమైన ఖర్చు. దాని మీది పన్ను 42.80 మాత్రం ఖర్చు కాదు. ప్లాట్‌ఫారం ఇన్వాయిస్ మా దగ్గర ఉన్నంతవరకు మేము కట్టవలసిన పన్నులో దాన్ని తగ్గించుకునే వీలు మాకు ఉంది.

ఇక 21.50 సంగతి. ఈ నెలలోనే అమ్మి ఈ నెలలోనే రీఫండ్ అయిన ఆర్డర్లకు ముందే పట్టుకున్న పన్నును ప్లాట్‌ఫారం తిరిగి ఇచ్చింది. పోయిన నెల అమ్మకాలకు ఇవ్వలేదు, కారణం ఆ నెల పట్టుకున్నది అప్పటికే మా పేరున ప్రభుత్వానికి కట్టేసింది. రిపోర్టును ఆర్డరు తేదీతో వడగడితే పోయిన నెలవి ఇలాంటివే నాలుగు ఆర్డర్లు తేలాయి, అన్నీ అదే సరుకు, అన్నీ 2,150 ధరవే; నాలుగు 21.50లు కలిపితే 86. దీంతో 428, 42.80, 86 కలిసి 556.80 అయింది, తేడా మొత్తం తేలిపోయింది. ఈ 86 కూడా పోయిన డబ్బు కాదు. మా పేరున కట్టిన పన్ను కాబట్టి రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది, అప్పటిదాకా రావలసిన పన్ను ఖాతాలోనే ఉండాలి.

ఈ ఆర్డరు విషయంలో నాకు నచ్చినది, రిపోర్టులోని తేదీలు రెండు రకాలుగా ఉంటాయన్న సంగతి దానివల్ల ఆ అమ్మాయికి బాగా అర్థం కావడం. వరుస నమోదైన తేదీ ఒకటి, ఆర్డరు పుట్టిన తేదీ ఇంకొకటి. మొదటిదాన్ని మాత్రమే చూసినంతసేపూ రీఫండ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి, పన్ను కొన్నింటికి వచ్చి కొన్నింటికి రాకపోవడం ప్లాట్‌ఫారం పొరపాటులా అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఎంట్రీ రాయించాను. బ్యాంకులో పడ్డ మొత్తాన్నే అమ్మకంగా రాసే పద్ధతిని నేను ఎక్కడ చూసినా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే అలా రాస్తే అమ్మకమూ తగ్గి కనిపిస్తుంది, ఫీజులూ కనిపించవు, ముందే కట్టిన పన్ను మనదని చెప్పుకునే ఆధారమూ పుస్తకాల్లో ఉండదు. మా పద్ధతిలో ఆర్డరు పూర్తి కాగానే దాని పూర్తి ధర ప్లాట్‌ఫారం పేరున ఉన్న క్లియరింగ్ ఖాతాలో డెబిట్ అవుతుంది, రీఫండ్ అయితే క్రెడిట్ అవుతుంది. సెటిల్‌మెంట్ వచ్చినప్పుడు ఆ ఖాతాను క్రెడిట్ చేసి, ఎదురుగా ఒక్కొక్క భాగాన్ని దాని చోట రాస్తాము. ఈరోజు క్లియరింగ్‌లో క్రెడిట్ చేసినది 4,61,200. దానికి ఎదురుగా బ్యాంకు 3,92,152.80, వెనక్కి వచ్చిన కమిషన్ పోగా ఫీజు ఖర్చు 55,772, ఫీజు మీద పన్ను 5,577.20, ముందే పట్టుకున్న పన్ను 4,698, రిజర్వ్ 3,000. రెండు వైపులా సరిపోయాయి.

సరిపోయిందని ఊరుకోవద్దని చెప్పి, క్లియరింగ్ ఖాతాలో మిగిలిన నిల్వను ఆర్డర్లవారీగా తీయించాను. అక్కడ మిగలవలసినవి ఇంకా సెటిల్ కాని ఆర్డర్లు మాత్రమే. పాత ఆర్డరు ఏదైనా అందులో ఉండిపోతే దానికి డబ్బు రాలేదన్నమాట. మొత్తాలు కలవడం వల్ల ఆ సంగతి బయటపడదు, ఎందుకంటే ఒక ఆర్డరుకు తక్కువ, మరొక ఆర్డరుకు ఎక్కువ వచ్చి ఒకదాన్నొకటి కప్పేయవచ్చు. అదే కారణంతో ఫీజును కూడా ఒక్కొక్క ఆర్డరుకు ధరతో భాగించి శాతం చూశాము. ఎక్కడైనా 12 కాకుండా 14 కనిపిస్తే ఆ సరుకు వేరే కేటగిరీలో నమోదై ఉంటుంది, దాన్ని సరిచేయమని గడువులోగా అడగాలి. ఈరోజు అలాంటిది ఏదీ లేదు. పాత ఆర్డర్లు కూడా మిగల్లేదు.

ఒక్క పని బాకీ ఉంది. నెల ముగిశాక ప్లాట్‌ఫారం ఇచ్చే పన్ను సర్టిఫికెట్‌లోని మొత్తం, మా రావలసిన పన్ను ఖాతాలో ఆ నెలకు రాసినదానితో కలవాలి. ఈ 86 పోయిన నెల సర్టిఫికెట్‌లో చేరి ఉందో లేదో చూడడానికి ఆ నాలుగు ఆర్డర్ల ఐడీలను ఎంట్రీ వివరణలోనే రాసి పెట్టమన్నాను. చేరి లేకపోతే ఆ ఐడీలతోనే ప్లాట్‌ఫారానికి రాస్తాము.