పాట గుర్తులేదు, శాక్సఫోన్ బిట్ ఒక్కటే గుర్తుంది

నాన్నగారి క్యాసెట్లలో విన్న అరవైల నాటి ఒక హిందీ పాటలో నాకు మిగిలింది శాక్సఫోన్ బిట్ మాత్రమే. పల్లవి, పాడినవాళ్లు, సినిమా, ఏదీ గుర్తులేదు. ఫోన్‌లో హమ్ చేసి వెతికితే ప్రతిసారీ ఒక కొత్త పాట చూపించింది. జనం ఎక్కువగా కూనిరాగం తీసేది పల్లవినే కాబట్టి, మధ్యలో వచ్చే వాద్యాన్ని అది పట్టుకోలేకపోయిందని నా అనుమానం.

చెన్నైలో మా వీధిలో ఒక తెలుగు పెద్దాయన ఉన్నారు. కోడంబాకం రికార్డింగుల్లో వయొలిన్ వాయించి రిటైరయ్యారు. ఆయన దగ్గరికి వెళ్లి ఆ బిట్ పాడి వినిపించాను.

"ముందు ఒకటి చెప్పు బాబూ. ఈ బిట్ అయిపోగానే ఎవరైనా పాడతారా, లేక ఇదే పాటా?" అన్నారు. ఎందుకంటే పాత పాటలను శాక్సఫోన్ మీద వాయించిన రికార్డులు బోలెడు. వాటిలో శాక్సఫోన్ ఎక్కువగా వాయించేది గాయకులు పాడే వరసనే, పాట మధ్యలో వచ్చే వాద్యభాగాన్ని, అంటే ఇంటర్‌లూడ్‌ను కాదు. నాకు మాత్రం బిట్ చివర్లో ఒక మగ గొంతు అందుకోవడం లీలగా గుర్తుంది. నడక నెమ్మది. ఆ రెండు గుర్తులే తర్వాత పనికొచ్చాయి.

"అరవైల బొంబాయి పాటంటున్నావు కదా, పాటను వెతకొద్దు, వాయించినవాణ్ణి వెతుకు. మనోహరి సింగ్ పేరుతో మొదలుపెట్టు" అన్నారు మాస్టారు. రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లు సాధారణంగా ఉండవు. కానీ అభిమానులు ఏ సోలో ఎవరిదో ఏళ్ల తరబడి పోగుచేశారు. ఈ ఉపాయం నాకు తట్టనే లేదు.

ఆ పేరుతో దొరికిన పాటలు ఒక్కొక్కటే విన్నాను. 'గైడ్' (1965)లోని 'గాతా రహే మేరా దిల్'లో శాక్సఫోన్ అద్భుతం, కానీ అది కిశోర్, లత కలిసి పాడిన హుషారు పాట. 'ఆరాధన' (1969)లోని 'రూప్ తేరా మస్తానా'కి మగ గొంతు సరిపోయింది. అయితే అందులో శాక్సఫోన్‌తో పాటు అకార్డియన్ కూడా ఉంది, నా బిట్‌లో అది లేదు. చివరికి 'కశ్మీర్ కీ కలీ' (1964)లోని 'హై దునియా ఉసీ కీ' పెట్టాను. సంగీతం ఓ.పి. నయ్యర్. పాట మొదట్లోనే శాక్సఫోన్ బద్ధకంగా జారుతూ వచ్చింది, ఆ తర్వాత రఫీ గొంతు. అయినా తొందరపడకుండా చరణాల మధ్య బిట్ దాకా విని, గొంతు అందుకునే చోటు కూడా కలిశాకే ఇదేనని నిర్ధారించుకున్నాను.

ఈ దారి వయొలిన్లకు పనిచేయదని మాస్టారు ముందే చెప్పారు. "మేం గుంపుగా వాయించేవాళ్లం, అందులో ఒక్కడి పేరు పట్టుకుని ఏం వెతుకుతావు?" అని నవ్వారు. అలాంటప్పుడు సంగీత దర్శకుడి పేరుతో వెతకాలట. ఇళయరాజా పాటైతే రెండో ఇంటర్‌లూడ్ దాకా వినాలట, ఆయన తరచూ మొదటిదానికీ రెండోదానికీ పూర్తిగా వేరే బిట్లు రాస్తారు కాబట్టి.