పెద్ద విజన్ మోడల్ చేత చిన్న కెమెరా బోర్డుకు పాఠం చెప్పించిన అనుభవం

గేటు వైపు తిప్పి పెట్టిన కెమెరా బోర్డు, ఇంటర్నెట్ లేకుండా, ఎదురుగా ఉన్నది ఏమిటో తనే తేల్చాలి. మనిషి, కుక్క, పిల్లి, వాహనం, ఖాళీ: ఈ ఐదింట్లో ఒకటి చెబితే చాలు. బోర్డు ESP32-S3, కెమెరా OV2640. ఇంత చిన్న చిప్‌లో పెద్ద మోడల్ నడవదు కాబట్టి, పెద్దదాని తెలివిని చిన్నదానికి నేర్పే డిస్టిలేషన్ దారి పట్టాను.

స్టూడెంట్‌గా, అంటే నేర్చుకునే చిన్న మోడల్‌గా, మొబైల్‌నెట్ వీ2లో 0.35 వెడల్పు ఉన్నదాన్ని తీసుకున్నాను. చివరి వెయ్యి క్లాసుల లేయర్ తీసేస్తే అందులో దాదాపు 4 లక్షల పరామీటర్లు మిగులుతాయి. అవి ఫ్లాష్‌లో కూర్చుంటాయి, వాటితో ఇబ్బంది లేదు. అసలు టెన్షన్ నడిచేటప్పుడు కావాల్సిన ర్యామ్‌తోనే. 96×96 బొమ్మ ఇస్తే, మొదట్లోనే ఒక లేయర్ 48×48 సైజులో 48 ఛానళ్లు తయారు చేస్తుంది. అంటే 1,10,592 బైట్లు. దాని తర్వాతి లేయర్ ఫలితం ఇంకో 27,648. రెండూ ఒకేసారి మెమరీలో ఉండాలి. అదే బొమ్మను 160×160 చేస్తే ఈ మొత్తం 3,84,000 బైట్లకు చేరుతుంది. చిప్ లోపలి ర్యామ్ మొత్తం 512 కిలోబైట్లే, అందులోంచే మిగతా ప్రోగ్రామ్‌కూ ఇవ్వాలి. బయటి పీఎస్‌ర్యామ్‌లో పెడితే పడుతుంది గానీ నెమ్మదిస్తుంది. అందుకే 96 దగ్గరే ఆగాను. ఆ తర్వాత వచ్చిన చిక్కులు చాలావరకు ఈ 96 వల్లే వచ్చాయి.

టీచర్‌గా `dinov2_vitl14` అనే పెద్ద విజన్ మోడల్ పెట్టాను. దాదాపు 30 కోట్ల పరామీటర్లు. దాన్ని కదపకుండా, పైన ఒక చిన్న లీనియర్ లేయర్ మాత్రం నేను చేత్తో లేబుల్ చేసిన కొన్ని వందల ఫొటోలతో ట్రైన్ చేశాను. మిగతా ఫొటోలన్నీ ఆ బోర్డు కెమెరాతోనే, అది ఉండబోయే చోటు నుంచే, పగలూ రాత్రీ తీయించి మెమరీ కార్డులో దాచినవి. వాటికి లేబుళ్లు లేవు, అక్కర్లేదు కూడా. ప్రతి ఫొటోకూ టీచర్ ఇచ్చే అంకెలే స్టూడెంట్‌కు పాఠం.

మొదటి ట్రైనింగ్‌లో లాస్, అంటే టీచర్ జవాబుకూ స్టూడెంట్ జవాబుకూ ఉన్న తేడా, చక్కగా దిగింది. కానీ ఖాళీగా ఉన్న ఫ్రేముల్లో స్టూడెంట్ ‘కుక్క’ అనడం ఆగలేదు. ఆ ఫ్రేములన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపించింది: అన్నిట్లోనూ గోడ నీడ ఒకే వైపు పడి ఉంది. కుక్కలు వచ్చి పడుకునేది ఆ నీడలోనే. అనుమానం తీరడానికి, కుక్క ఉన్న ఫ్రేములో ఆ చోటును ఖాళీ ఫ్రేములోని అదే చోటుతో కప్పేసి మళ్లీ అడిగాను. కుక్క పోయింది, జవాబు మాత్రం మారలేదు. అంటే స్టూడెంట్ కుక్కను కాదు, నీడను నేర్చుకుంది.

ఎందుకలా అంటే, టీచర్ చూసిన బొమ్మా స్టూడెంట్ చూసిన బొమ్మా ఒకటి కాదు. కెమెరా ఫ్రేమ్ 640×480. మధ్యలో 480×480 ముక్క కత్తిరించి, 224కు తగ్గించి టీచర్‌కు ఇచ్చాను, 96కు తగ్గించి స్టూడెంట్‌కు ఇచ్చాను. ఫ్రేములో 40 పిక్సెళ్ల వెడల్పున్న కుక్క టీచర్‌కు దాదాపు 19 పిక్సెళ్లు, స్టూడెంట్‌కు 8. టీచర్ ధీమాగా కుక్క అంటుంది. ఆ 8 పిక్సెళ్లలో కుక్కను పోల్చుకోవడం చిన్న మోడల్‌కు చేతకాదు. అయినా జవాబు కుక్క అనే రావాలని లాస్ పట్టుబడుతుంది. కనబడనిది చెప్పమంటే ఎవరైనా చుట్టుపక్కల ఆధారాలు వెతుక్కుంటారు. కెమెరా కదలదు కాబట్టి నీడ లాంటి ఆధారాలు దానికి సులువుగా దొరికాయి.

అందుకని టీచర్‌కు ఇచ్చే బొమ్మను కూడా ముందు 96కు తగ్గించి, తిరిగి 224కు పెంచి ఇచ్చాను. పెంచినా పోయిన వివరం తిరిగి రాదు. ఇప్పుడు దూరపు కుక్క దగ్గర టీచర్ కూడా తడబడి, కొంత కుక్క, కొంత పిల్లి, కొంత ఖాళీ అంటుంది. నాకు కావాల్సింది ఆ తడబాటే, ఎందుకంటే ఆ బొమ్మలో నిజంగా ఉన్న సమాచారం అంతే. అయితే మసక బొమ్మలు టీచర్‌కు అలవాటు లేనివి, ఊరికే తప్పులు చేసే ప్రమాదం ఉంది. కాబట్టి చేత్తో లేబుల్ చేసిన ఫొటోలను కూడా ఇలాగే మసక చేసి, పైనున్న లీనియర్ లేయర్‌ను మళ్లీ ట్రైన్ చేయాల్సి వచ్చింది. కత్తిరింపులు, వెలుతురు మార్పులు కూడా ఇద్దరికీ అచ్చంగా ఒకటే ఉండేలా చూశాను. ఒక్కో ఫొటోకు కొన్ని మార్పు చేసిన కాపీలు తయారు చేసి, ప్రతి కాపీకీ దాని టీచర్ అంకెలు జతచేసి దాచాను. దీని తర్వాత నీడ పరీక్షలో జవాబు ‘ఖాళీ’కి మారింది.

టెంపరేచర్ గురించి కొంచెం చెప్పాలి. మోడల్ ఇచ్చే అంకెలను స్కోర్లుగా మార్చే ముందు భాగించే T అది; కింది కోడ్‌లో t టీచర్ అంకెలు, s స్టూడెంట్ అంకెలు. 2015లో హింటన్, విన్యాల్స్, డీన్ రాసిన పేపర్‌లోని పద్ధతే నేనూ వాడాను:

```python
p = F.softmax(t / T, dim=1)
q = F.log_softmax(s / T, dim=1)
loss = F.kl_div(q, p, reduction="batchmean") * T * T
```

ఒక ఫొటోకు టీచర్ ఇచ్చిన అంకెలు కుక్కకు 6, పిల్లికి 4, మనిషికి 0, ఖాళీకి 0, వాహనానికి −2 అనుకోండి. T = 1 అయితే కుక్క 0.88, పిల్లి 0.12, మిగతావి దాదాపు సున్నా. T = 4 అయితే కుక్క 0.46, పిల్లి 0.28, మనిషికీ ఖాళీకీ చెరో 0.10. ఉన్నవి ఐదు క్లాసులే కాబట్టి, 4 దగ్గర సంబంధం లేనివాటికి కూడా బరువు పంచినట్టవుతుంది. T = 2లో కుక్క 0.67, పిల్లి 0.25 వస్తాయి. కుక్కకు పిల్లితో ఉన్న పోలిక నిలుస్తుంది, చెత్త పెరగదు. నేను 2 దగ్గరే ఉండిపోయాను. `batchmean` అని రాయకపోతే లాస్‌ను క్లాసుల సంఖ్యతో కూడా భాగిస్తుంది, అదొకటి గుర్తుంచుకోవాలి.

ఒక్కో అంకె ఒక్క బైటులో పట్టేలా ఇంట్8కు మార్చాక, కంప్యూటర్‌లో బాగున్న మోడల్ బోర్డు మీద పిచ్చి జవాబులు ఇచ్చింది. ఇలాంటప్పుడు ఊహలు పక్కన పెట్టి, మోడల్‌లోకి వెళ్లే 27,648 బైట్లనూ సీరియల్ పోర్టులో బయటికి తీసి, కంప్యూటర్‌లో అదే టీఎఫ్‌లైట్ ఫైలుకు ఇవ్వడం మంచిది. రెండు చోట్లా ఒకే జవాబు వచ్చింది. అంటే లెక్క సరిగ్గానే ఉంది, బొమ్మలోనే తేడా. ఆ బైట్లను బొమ్మగా తెరిస్తే రంగులు చెదిరిపోయి ఉన్నాయి. కెమెరా RGB565లో పెద్ద బైటును ముందు పంపుతుంది, చిప్ చిన్న బైటు ముందనుకుని చదువుతుంది. రెండు బైట్లనూ విడివిడిగా తీసి సరైన వరుసలో కలిపితే సరిపోయింది:

```c
uint16_t px = (buf[2*i] << 8) | buf[2*i + 1];
```

రంగులు కుదిరాక కూడా దూరపు జంతువుల దగ్గర స్కోరు తక్కువే. ట్రైనింగ్‌లో ప్రతి 5×5 గడిలోని 25 పిక్సెళ్ల సగటు తీస్తుంటే, బోర్డు కోడ్ ఐదింట్లో ఒక పిక్సెల్ తీసుకుని మిగతావి వదిలేస్తోంది. 8 పిక్సెళ్ల కుక్కకు ఈ తేడా చాలా ఎక్కువ. బోర్డు మీద కూడా సగటే పెట్టాను. ఫ్రేమ్ మొత్తం 6,14,400 బైట్లు కాబట్టి అది పీఎస్‌ర్యామ్‌లో ఉంటుంది, తగ్గించిన బొమ్మ మాత్రం లోపలి ర్యామ్‌కు వస్తుంది.

రాత్రి వెలుతురులో దూరపు పిల్లినీ కుక్కనూ ఇది ఇప్పటికీ విడదీయలేకపోతోంది, 96 పిక్సెళ్లలో ఆ సమాచారమే లేదు. మొదటి రెండు స్కోర్ల మధ్య తేడా 0.2 కన్నా తక్కువైతే బోర్డు ఏమీ చెప్పకుండా ఆ ఫ్రేమును మెమరీ కార్డులో రాసుకుంటుంది. కార్డు నిండినప్పుడల్లా అవి టీచర్ దగ్గరికి వెళ్తాయి.