ప్రోస్టేట్ మాత్రలూ, అడగడానికి సిగ్గుపడే ఇంకో మాత్రా

తిరుపతి నించి తిరుమలకు తిరిగే బస్సులో కండక్టర్‌గా చేసి రిటైరయినాను. ఘాట్ రోడ్డు మీద బండి ఆపమనలేం కాబట్టి మూత్రం ఆపుకోవడం మా ఉద్యోగంలో భాగమే. అందుకేనేమో, రాత్రి నాలుగైదు సార్లు లేస్తున్నా, ధార సన్నబడినా పెద్దగా లెక్కచేయలేదు. స్కానింగులో మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి 54 గ్రాములయిందని తేలింది. మూత్రం పోసినాక కూడా సంచిలో 130 మిల్లీలీటర్లు మిగిలిపోతోంది. ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 3.4 వచ్చింది.

యూరాలజీ డాక్టరు రెండు మందులు రాసినాడు. టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, డ్యుటాస్టరైడ్ 0.5. మొదటిది ఆల్ఫా బ్లాకర్. ప్రోస్టేట్‌లోనూ, మూత్రసంచి మెడ దగ్గరా బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుందే తప్ప పెరిగిన ప్రోస్టేట్‌ను చిన్నది చేయదు. వారం తిరక్కముందే ధార మెరుగైంది. రెండోది మగ హార్మోను టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీ అనే ఇంకో హార్మోనుగా మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. ప్రోస్టేట్‌ను పెంచేది ఆ డీహెచ్‌టీయే. అది తగ్గితే ప్రోస్టేట్ మెల్లగా కుంచించుకుపోతుంది, కానీ దానికి ఆరు నెలలు ఓపిక పట్టాల. ‘దీనితో తేడా తెలియడం లేదు’ అని మధ్యలో మానేసేవాళ్ళు చాలామందట.

మొదట్లో మంచం మీంచి దిగ్గానే కళ్ళు తిరిగేవి. రాత్రి లేస్తే ఒక నిమిషం కూర్చుని దిగమన్నాడు. కొన్నాళ్ళకు అది పోయింది. ఇంకోటి ఎవరూ ముందు చెప్పలేదు: సంభోగంలో సుఖం తెలుస్తుంది గానీ వీర్యం సరిగా రాదు, ఒక్కోసారి అసలు రాదు. టామ్సులోసిన్ వల్ల అట్లా అవుతుందని, ప్రమాదం లేదని తర్వాత తెలిసింది. ముందే ఒక మాట చెప్పుంటే ఇంట్లో అంత భయం ఉండేది కాదు.

నెలలు గడిచేకొద్దీ కోరికే తగ్గింది, అంగం గట్టిపడటమూ తగ్గింది. వయసులే అనుకుని ఊరుకోవచ్చు. మా ఆవిడే, ‘‘ఏమండీ, ఆ మాత్రలు మొదలుపెట్టినాకే గదా ఇదంతా, అడగరాదా’’ అనింది. అడిగినాను. డ్యుటాస్టరైడ్ కొంతమందికి అట్లా చేస్తుందని, ఆపినా శరీరంలోంచి పోవడానికి నెలలు పడుతుందని చెప్పినాడు. షుగరు, బీపీ కూడా కారణం కావచ్చని పరీక్షలు చేయించినాడు. షుగరు లేదు.

అప్పుడు అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ మాట వచ్చింది. రాసేముందు ఆయన అడిగిన మొదటి ప్రశ్న: ‘‘పెద్దాయనా, గుండెకు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఏదన్నా వాడతా ఉండారా?’’ సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులతో సిల్డెనాఫిల్ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణానికే ముప్పు. నేను వాడటం లేదు. తర్వాత పడుకోబెట్టి బీపీ చూసినాడు, లేచి నిలబడమని మళ్ళీ చూసినాడు. 132 ఉన్నది 122కి తగ్గింది. 20 కంటే ఎక్కువ పడుంటే ఇప్పుడే ఇచ్చేవాణ్ణి కాదన్నాడు. ఎందుకంటే టామ్సులోసినూ రక్తనాళాలను కొంత వదులు చేస్తుంది, సిల్డెనాఫిలూ చేస్తుంది. అందుకే ఆల్ఫా బ్లాకర్ ముందు శరీరానికి అలవాటుపడాల, సిల్డెనాఫిల్ చిన్న మోతాదుతో మొదలుపెట్టాల. మామూలుగా 50 మిల్లీగ్రాములు రాసేచోట నాకు 25 రాసినాడు. టామ్సులోసిన్‌ను రాత్రి భోజనం నించి పగటి భోజనం తర్వాతకి మార్చినాడు, రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలుండేట్టు.

రోజూ వేసుకునే టడలాఫిల్ 5 మిల్లీగ్రాములు మూత్రానికీ, దీనికీ రెండింటికీ పనికొస్తుందట. కానీ దాని ప్రభావం ఒకటిన్నర రోజు ఉంటుంది. ఒకసారి కళ్ళు తిరిగినోడికి, త్వరగా దిగిపోయేదే ముందు చూద్దామన్నాడు.

మొదటిసారి రాగిసంగటి, మటన్ పులుసు బాగా పట్టించి మాత్ర వేసుకుంటే ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. కొవ్వున్న భోజనం సిల్డెనాఫిల్‌ను ఆలస్యం చేస్తుందట. తర్వాత తేలిగ్గా తిని, గంట ముందు వేసుకుంటే పనిచేసింది. కోరికను మాత్రం అది పుట్టించదు. మనసు లేకుండా మింగితే తలనొప్పి, మొహం వేడెక్కడం తప్ప ఇంకేం రాదు. మందుల షాపులో కాగితం చూపించకుండా 100 మిల్లీగ్రాములది కొనుక్కునేవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళకు నాలుక కింద మాత్ర గురించి అడిగేవాళ్ళు ఎవరు?

ఏడాది తర్వాత పీఎస్ఏ 1.6 వచ్చింది. సంతోషపడి కాగితం చూపిస్తే, డాక్టరు పక్కన 3.2 అని రాసినాడు. డ్యుటాస్టరైడ్ వాడేవాళ్ళకు పీఎస్ఏ సుమారు సగానికి పడిపోతుంది, కాబట్టి రెట్టింపు చేసి చదవాల. అట్లా చూస్తే నాది పాత 3.4 దగ్గరే ఉంది. ఇకమీదట ఈ 1.6 నించి పైకి పోతే, ల్యాబువాళ్ళు నార్మల్ అని వేసినా, క్యాన్సర్ ఉందేమో చూడాల్సిందే. ఇంకే డాక్టరు దగ్గరికి పోయినా ఈ మాత్ర వాడతా ఉండానని చెప్పమన్నాడు. ప్రోస్టేట్ 42 గ్రాములకు దిగింది, రాత్రి ఒకసారి లేస్తున్నాను.