కీబోర్డుకు ఫోన్ కలిపిన మూడు వారాలు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఒకే పాఠాన్ని మూడుసార్లు వాయించింది. మూడుసార్లూ యాప్‌లో ఒక్క స్వరం కూడా ఎర్రగా పడలేదు. గత మూడు వారాలు మా ఇంట్లో నడిచిన బాధ ఇంకా మనసులో పచ్చిగా ఉండగానే ఇది రాస్తున్నాను. కీబోర్డు కొని, దానికి ఫోన్ కలిపి, సాధన యాప్‌తో పిల్లలకు నేర్పిస్తున్న తల్లిదండ్రులు నల్లగొండలో ఇప్పుడు చాలామంది ఉన్నారు. నాకు జరిగినది వారికి జరగకూడదు.

మా కీబోర్డు వెనుక రెండు యూఎస్‌బీ సాకెట్లు ఉన్నాయి. ఒకటి పెన్‌డ్రైవ్ పట్టే వెడల్పాటిది, రెండోది ప్రింటర్‌కు ఉండే చదరపుది. మొదటి రోజు నేను ఫోన్ చార్జర్ కేబుల్‌ను వెడల్పాటి సాకెట్‌లో పెట్టాను. ఫోన్ చార్జింగ్ కావడం మొదలైంది, తెరను పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ ఎంపికల్లో, వాద్యాల మధ్య మెట్ల సమాచారాన్ని పంపే MIDI అన్నది కూడా కనిపించింది. అది ఎంచుకున్నాను. అయినా యాప్‌కు కీబోర్డు కనబడలేదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఫోన్‌నే ఒక వాద్యంలా వాడుకోవడానికి ఉన్న ఎంపిక అదని ఆ రోజు నాకు తెలియదు. కేబుల్‌తో పని కాదనుకొని, కీబోర్డు కంపెనీవారే అమ్మే బ్లూటూత్ అడాప్టర్ తెప్పించి ఆ వెడల్పాటి సాకెట్‌లోనే పెట్టాను.

బ్లూటూత్ కలపడం సులువే. ఫోన్‌లో దాని పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని చివర AUDIO అని, మరొకదాని చివర MIDI అని ఉంటుంది. AUDIO అన్నదాన్ని ఫోన్ సెట్టింగుల్లో జత చేయాలి. MIDI అన్నదాన్ని మాత్రం సెట్టింగుల్లో ముట్టుకోకుండా యాప్ లోపలినుంచే కలపాలి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు ఆ అనుమతి ఇస్తే తప్ప వెతుకులాటలో అది కనిపించదు. నేను రెండూ కలిపాను. యాప్‌లోని పాట కీబోర్డు స్పీకర్లలో గంభీరంగా వినిపించింది, అమ్మాయి నొక్కిన మెట్టు వెంటనే తెరమీద వెలిగింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

మొదటి పది పాఠాలూ బాగానే జరిగాయి. ఆ పాఠాల్లో యాప్ ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి, సరైన మెట్టు నొక్కేదాకా ఎదురుచూస్తుంది. ఆగకుండా నడిచే పాట వచ్చిన రోజున కష్టం మొదలైంది. ప్రతి స్వరం కింద Late అని ఎర్రగా పడసాగింది. నిమిషానికి 60 దెబ్బల వేగంలో సగం మార్కులు వచ్చాయి, వేగం పెంచినకొద్దీ ఇంకా తగ్గిపోయాయి.

గడియారం సెంటర్‌కు దగ్గరలో అమ్మాయి వెళ్లే సంగీత శిక్షణ కేంద్రం ఉంది. దాని పేరు రాయడం నాకు ఇష్టం లేదు. పిల్లలు ఇంట్లో చేసిన సాధనను యాప్ రిపోర్టు ద్వారా అక్కడి మాస్టారు ప్రతి శనివారం చూస్తారు. ఆ శనివారం, ఎనిమిదిమంది తల్లిదండ్రులు కూర్చుని ఉండగా, ఆయన నా ఫోన్ చేతిలోకి తీసుకొని రిపోర్టును కిందిదాకా జరిపి చూసి, "సార్, మీ బిడ్డకు లయ లేదు. మొత్తం లేటే వస్తున్నది చూడండి. రెండు నెలలు కీబోర్డు పక్కన పెట్టి చప్పట్లతోటి తాళం నేర్పించండి, వార్షికోత్సవం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. అమ్మాయి నా పక్కనే నిలబడి ఉంది. ఆమెను ఒక్కసారి తన ముందు వాయించమని ఆయన అడగలేదు, అడగమని నేనూ అనలేదు. జూనియర్ కళాశాలలో ఇరవై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్న నేను, యంత్రం ఇచ్చిన అంకెను అనుమానించకుండా పన్నెండేళ్ల పిల్లను అనుమానించాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ సాయంత్రం చప్పట్లు వేయించాను. చప్పట్లు ఒక్కటి కూడా తప్పలేదు. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం మళ్లీ అన్నీ ఎరుపే. గొంతు పెంచి నేను కోప్పడిన రోజున ఆమె ఏడుపు ఆపుకుంటూ ఒక మాట అన్నది: "డాడీ, నేను వినపడే పాటతోనే కొడుతున్నా. తెరమీద గీతనే ముందు పోతున్నది, సౌండ్ ఎనుక వస్తున్నది."

ఈసారి నేను వాయించే ఆమెను వదిలి తెరను చూశాను. స్వరాల చుక్కలు గీతను దాటిన కొంతసేపటికి గాని స్పీకర్లో దెబ్బ వినిపించడం లేదు. ఒకసారి గమనించాక కంటికే తెలిసిపోయేంత తేడా అది.

కారణం ఇది. ఫోన్‌కూ కీబోర్డుకూ మధ్య రెండు వేర్వేరు దారులు నడుస్తున్నాయి. మెట్టు నొక్కినప్పుడు కీబోర్డు ఫోన్‌కు పంపే మిడి సమాచారం శబ్దం కాదు. ఏ మెట్టు, ఎంత బలంగా అన్నది మాత్రమే చెప్పే మూడు బైట్ల సందేశం. అది బ్లూటూత్ మీద కూడా మనకు తెలియనంత వేగంగా చేరుతుంది. ఫోన్ నుంచి కీబోర్డు స్పీకర్లకు వెళ్లే పాట అలా కాదు. ఫోన్ ఆ శబ్దాన్ని కుదించి, ముక్కలుగా పంపాలి. మధ్యలో తెగకుండా ఉండటానికి అవతలి పక్క కొన్ని ముక్కలను ముందుగా పోగు చేసుకొని, విప్పి, అప్పుడు వినిపించాలి. ఈ పోగుచేతలోనే సెకనులో ఐదో వంతో, అంతకన్నా ఎక్కువో పోతుంది. అమ్మాయి ఆలస్యంగా వచ్చిన పాటను విని, దానికి సరిగ్గా కలిపి మెట్టు నొక్కుతున్నది. ఆ నొక్కు వెంటనే ఫోన్‌కు చేరుతున్నది. ఫోన్ దాన్ని తన లోపలి గడియారంతో పోల్చి, ఆలస్యం అని తీర్పు చెబుతున్నది.

ఎంత ఆలస్యమో తెలుసుకోవాలని నా భార్య ఫోన్‌తో వీడియో తీశాను. యాప్‌లో మెట్రోనోమ్ పెడితే దెబ్బ దెబ్బకూ తెరమీద ఒక దీపం వెలుగుతుంది. ఆ దీపమూ కీబోర్డు శబ్దమూ రెండూ పడేలా సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీసి, శబ్దపు అలలు కనిపించే ఎడిటింగ్ యాప్‌లో దీపం వెలిగిన ఫ్రేము నుంచి శబ్దం లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఏడు ఫ్రేములు వచ్చాయి. ఒక్కో ఫ్రేము సుమారు 33 మిల్లీసెకన్లు కాబట్టి, ఆలస్యం దాదాపు 230 మిల్లీసెకన్లు. నిమిషానికి 60 దెబ్బలు ఉన్నప్పుడు దెబ్బకు దెబ్బకు మధ్య ఒక సెకను ఉంటుంది, అందులో ఇది పావు వంతు కన్నా కొంచెం తక్కువ. వేగం 120కి పెంచితే ఆ వ్యవధి అర సెకనే కాబట్టి, అదే ఆలస్యం దాదాపు సగం దెబ్బ అవుతుంది. వేగం పెంచినకొద్దీ మార్కులు ఎందుకు పడిపోయాయో, ఆగి ఎదురుచూసే పాఠాల్లో ఎందుకు ఏ తప్పూ రాలేదో నాకు అప్పుడు అర్థమైంది. వీడియోలు చూసేటప్పుడు ఈ ఆలస్యం మన కంటపడదు, ఎందుకంటే వీడియో ఆడించే యాప్ శబ్దం కోసం బొమ్మను కూడా వెనక్కి జరుపుతుంది. మనం వాయించే వేలిని ఎవరూ వెనక్కి జరపలేరు.

ఇంకో సంగతి ఉంది, ఆ మాస్టారు చూడవలసింది అదే. లయ లేని పిల్ల ఒక స్వరం ముందు, ఒక స్వరం వెనుక వాయిస్తుంది. మా అమ్మాయి రిపోర్టులో ఒక్క స్వరం కూడా ముందుకు పడలేదు. అన్నీ వెనుకకే, అన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. అంత సమానంగా ఆలస్యం కావాలంటే లయ ఎంతో గట్టిగా ఉండాలి. రిపోర్టు చూసే గురువులు ఎర్ర రంగును లెక్కపెట్టి ఊరుకోకుండా, తప్పులు రెండు వైపులా చెదిరి ఉన్నాయా, ఒకే వైపు సమానంగా ఉన్నాయా అని తప్పక చూడాలి.

యాప్‌లో ఆలస్యాన్ని సవరించే అమరిక ఒకటి ఉంది. అందులో 230 వేస్తే ఆ పూటకు ఎరుపు పోయింది. మరునాడు బ్లూటూత్ మళ్లీ కలిపి కొలిస్తే తొమ్మిది ఫ్రేములు వచ్చాయి, అంటే దాదాపు 300. రోజూ మారే దానికి రోజూ సవరణ వేసుకుంటూ పిల్ల సాధన చేయడం కుదరదు. అందుకని AUDIO జతను ఫోన్ నుంచి తీసేసి, సవరణను మళ్లీ సున్నాకు తెచ్చి (అది మరిచిపోతే ఈసారి అన్నీ ముందు వాయించినట్టు చూపిస్తుంది), ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కీబోర్డు వెనుక ఉన్న AUDIO IN రంధ్రానికి 3.5 ఎంఎం వైరు వేశాను. MIDI మాత్రం బ్లూటూత్‌లోనే ఉంచాను. ఆ క్షణం నుంచే ఆలస్యం పోయింది. తప్పు బ్లూటూత్ మిడిది కాదని, బ్లూటూత్ శబ్దానిదని దాంతో రుజువైంది. వైరు దొరకనివారు పాటను ఫోన్ స్పీకర్లోనే విన్నా ఇదే ఫలితం వస్తుంది. శబ్దం చిన్నగా ఉంటుంది, అంతే.

అయినా శిక్షణ కేంద్రంలో పదిమంది ఫోన్ల మధ్య ఈ అడాప్టర్ మీద ఆధారపడటం నాకు ఇష్టం లేకపోయింది. ముందుగా ఏ ఫోన్ కలిస్తే అది ఆ ఫోన్‌కే అంటుకొని, ఇంకొకరికి కనిపించదు. ప్రకాశం బజార్‌లో ఒక జిరాక్స్ షాపు యజమానికి కీబోర్డు వెనుక తీసిన ఫోటో చూపించాను. "సార్, గిది ప్రింటర్ కేబులే. దీనికి ఓటీజీ ఒకటి పెట్టుకోండి, ఫోన్ల కూసుంటది" అన్నాడు. రెండూ కలిపి 250 రూపాయలయ్యాయి. యూఎస్‌బీలో రెండు పరికరాల్లో ఒకటి యజమానిగా ఉండాలి. చదరపు సాకెట్‌తో కీబోర్డు ఎప్పుడూ అవతలివారి పిలుపు కోసం ఎదురుచూస్తుంది, ఓటీజీ ముక్క ఫోన్‌ను ఆ యజమానిగా మారుస్తుంది. వెడల్పాటి సాకెట్‌లో పెట్టిన చార్జర్ కేబుల్ ఫోన్‌ను కూడా ఎదురుచూసే పరికరంగానే ఉంచింది. నా ఫోన్‌లో ఓటీజీకి సెట్టింగుల్లో వేరే మీట ఉంది, పది నిమిషాలు వాడకపోతే అది తనంతట తాను ఆగిపోతుంది. పాఠం మధ్యలో కీబోర్డు మాయమైతే ముందు అక్కడ చూడాలి.

మొన్న శనివారం ఆ కేబుల్, ఆ వైరు, వీడియో తీసుకొని వెళ్లాను. మాస్టారు వీడియో పూర్తిగా చూశారు. ఏమీ మాట్లాడకుండా కీబోర్డు ముందు కుర్చీ జరిపి, అమ్మాయిని కూర్చోమన్నారు. ఆమె 100 వేగంలో పాట మొత్తం వాయించింది. ఆయన వార్షికోత్సవం జాబితా తీసి, నాలుగో వరుసలో ఆమె పేరు రాసుకున్నారు.